వాయు నియమాల లెక్కలో తప్పు ఎక్కడ జరిగిందో జవాబే చెబుతుంది

ప్రశ్న: ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు వాయు నియమాల లెక్కలు చెబుతుంటాను. సూత్రం సరిగ్గానే రాస్తారు, విలువలు వేసే దగ్గర ఎక్కడో పోతుంది. ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చలేదా, పీడనం యూనిట్లు కలవలేదా, R తప్పుగా తీసుకున్నారా అన్నది చివరి జవాబు చూసి పట్టుకునే దారి ఉందా? ప్రతి లెక్కా మొదటి నుంచి మళ్లీ చేయాల్సి వస్తోంది.

జవాబు:

ఉందండి. పిల్లవాడి జవాబునూ సరైన జవాబునూ పక్కపక్కన పెట్టి, పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. ఈ మూడు తప్పుల్లో ఒక్కోదానికి ఒక్కో సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యలు నాలుగైదు గుర్తుంటే చాలు, నోట్సు చదవకుండానే ఏ వరుసలో తప్పు జరిగిందో చెప్పవచ్చు. ఒకే లెక్క తీసుకుని ఒక్కో తప్పూ చేసి చూద్దాం.

లెక్క ఇది: 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 740 మి.మీ. పాదరస పీడనం వద్ద, పొడి వాయువు ఒకటి 250 మిల్లీలీటర్లు ఉంది. దాని ద్రవ్యరాశి 0.435 గ్రాములు. మోలార్ ద్రవ్యరాశి ఎంత?

సరైన దారిలో చేస్తే ఇలా వస్తుంది:

```
P = 740/760 = 0.9737 atm
V = 0.250 L
T = 27 + 273 = 300 K
n = PV/RT = (0.9737 × 0.250)/(0.0821 × 300) = 0.00988 mol
M = 0.435/0.00988 = 44.0 g/mol
```

అంటే కార్బన్ డయాక్సైడ్ అయ్యే అవకాశం ఉంది. ఇక తప్పుల దగ్గరికి వద్దాం.

27ను అలాగే వేస్తే

T స్థానంలో 300 బదులు 27 వేసిన పిల్లవాడికి n విలువ 0.110 మోల్, M విలువ 3.96 వస్తాయి. 44.0ను 3.96తో భాగిస్తే 11.1. ఇది 300/27 తప్ప మరేమీ కాదు. 27 డిగ్రీలు ఇచ్చిన ఏ లెక్కలోనైనా జవాబు పదకొండు రెట్లు తేడాగా వస్తే ముందు T వరుస చూడండి.

ఈ తప్పుకు సంబంధించి రెండు సంగతులు జాగ్రత్తగా గమనించాలి. మొదటిది, ఈ నిష్పత్తి ఎప్పుడూ 11.1 కాదు, ఇచ్చిన ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 127 డిగ్రీలైతే 400/127, అంటే 3.15. 227 అయితే 2.2. 727 డిగ్రీలకు వచ్చేసరికి 1.38కి దిగిపోతుంది. వేడి పెరిగేకొద్దీ తప్పు కంటికి ఆనడం తగ్గుతుంది. 27 డిగ్రీల లెక్కలో పదకొండు రెట్ల తేడాను ఎవరైనా అనుమానిస్తారు. 727 డిగ్రీల లెక్కలో మూడో వంతుకు కాస్త ఎక్కువ తేడా వస్తే 'లెక్కింపులో ఎక్కడో పొరపాటు' అని వదిలేస్తారు. అందుకని పెద్ద ఉష్ణోగ్రత ఇచ్చిన లెక్కల్లోనే T వరుసను ఎక్కువ శ్రద్ధగా చూడాలి.

రెండోది ఇంకా ముఖ్యం. 3.96 అనేది చూడటానికి తప్పులా కనిపించదు. హీలియం మోలార్ ద్రవ్యరాశి 4. పిల్లవాడు 'వాయువు హీలియం' అని ధైర్యంగా రాసేస్తాడు. సరైన జవాబు మీ దగ్గర లేకపోతే మీకూ అనుమానం రాకపోవచ్చు. దీన్ని పట్టుకోవడానికి R అక్కర్లేని ఒక పరీక్ష ఉంది: గాలితో పోల్చడం. మన వాయువు 250 మిల్లీలీటర్లకు 0.435 గ్రాములు, అంటే లీటరుకు 1.74 గ్రాములు. అదే ఉష్ణోగ్రత, అదే పీడనం దగ్గర గాలి లీటరుకు సుమారు 1.15 గ్రాములు ఉంటుంది. అంటే ఈ వాయువు గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువైనది. బెలూన్‌ను పైకి లేపే హీలియం గాలి కన్నా బరువెలా అవుతుంది? పైగా గాలి సగటు మోలార్ ద్రవ్యరాశి 29ని 1.74/1.15తో గుణిస్తే నేరుగా 44 వస్తుంది. ఇందులో R లేదు, యూనిట్ల మార్పిడి లేదు. సాంద్రత ఇచ్చిన ప్రతి లెక్కకూ ఈ సరిచూపు చేయించండి.

కొందరు పిల్లలు 'రెండు వైపులా సెల్సియసే వేశాం కదా, కొట్టుకుపోతుంది' అని వాదిస్తారు. రెండు స్థితుల లెక్కల్లో ఈ వాదన తరచూ వినిపిస్తుంది, దీనికి జవాబు స్పష్టంగా చెప్పాలి. 600 మిల్లీలీటర్ల వాయువును పీడనం మార్చకుండా 27 నుంచి 127 డిగ్రీలకు వేడి చేస్తే 600 × 400/300, అంటే 800 మిల్లీలీటర్లు కావాలి. సెల్సియస్‌తో చేస్తే 600 × 127/27, అంటే 2822 వస్తుంది. పీడనాన్ని మి.మీ. పాదరసం నుంచి అట్మాస్ఫియర్‌కు మార్చడం అంటే 760తో భాగించడమే. రెండు వైపులా ఒకే యూనిట్ ఉంటే ఆ 760 కొట్టుకుపోతుంది. సెల్సియస్ నుంచి కెల్విన్‌కు మార్చడం అలా కాదు, అది 273 కలపడం. నిష్పత్తిలో పైనా కిందా ఒకే సంఖ్యను కలిపితే అది కొట్టుకుపోదు. ఈ తేడా అర్థమైన పిల్లవాడు రెండు స్థితుల లెక్కల్లో పీడనాన్ని అనవసరంగా మార్చడం మానేస్తాడు, ఉష్ణోగ్రతను మార్చడం మాత్రం మరవడు.

సున్నా డిగ్రీలు, మైనస్ 23 డిగ్రీలు ఉన్న లెక్కలు ఒకటి రెండు తప్పకుండా ఇవ్వండి. సెల్సియస్‌తో చేస్తే మొదటిదాంట్లో సున్నాతో భాగించాల్సి వస్తుంది, రెండోదాంట్లో ఘనపరిమాణం మైనస్‌లో వస్తుంది. తప్పు తనంతట తానే బయటపడుతుంది.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. '300 కెల్విన్ నుంచి 100 సెల్సియస్ డిగ్రీలు పెంచారు' అంటే కొత్త ఉష్ణోగ్రత 400 కెల్విన్. కొందరు 100కు కూడా 273 కలిపి 673 రాస్తారు. ఉష్ణోగ్రతల తేడాకు 273 కలపకూడదు, ఎందుకంటే తీసివేతలో అది ముందే పోయింది. ఇక 273 వాడాలా, 273.15 వాడాలా అన్న చర్చకు సమయం పెట్టకండి. 27 డిగ్రీల దగ్గర ఆ తేడా నూటికి 0.05 మాత్రమే.

పీడనంలో జరిగేవి

740ను అలాగే వేసి R మాత్రం 0.0821 తీసుకుంటే n 7.51 మోల్, M 0.058 వస్తాయి. నిష్పత్తి 760. ఈ తప్పు పట్టుకోవడం తేలిక, ఎందుకంటే ప్రపంచంలో అతి తేలికైన వాయువు హైడ్రోజన్‌కే మోలార్ ద్రవ్యరాశి 2. అంతకన్నా తక్కువ వస్తే లెక్క ఆగిపోవాలి. n వైపు నుంచి చూసినా తేలుతుంది. 27 డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనం వద్ద, ఒక మోల్ ఏ వాయువైనా దాదాపు 24.6 లీటర్లు ఆక్రమిస్తుంది. పావు లీటరు సీసాలో ఏడున్నర మోల్‌లు పట్టవు, సుమారు నూరో వంతు మోల్ పడుతుంది. ఈ 24.6ను పిల్లల చేత కంఠస్థం చేయించండి. పాఠంలో 22.4 ఒక్కటే గుర్తుంటుంది, అది సున్నా డిగ్రీలకు చెందినది. పరీక్షల్లో లెక్కలేమో ఎక్కువ 27 డిగ్రీల దగ్గర ఉంటాయి.

ఒకే లెక్కలో రెండు యూనిట్లు కలిపే తప్పు ఇంకో రకం. నీటి మీద సేకరించిన వాయువు లెక్కల్లో ఇది మామూలు. మొత్తం పీడనం 740 మి.మీ., 27 డిగ్రీల దగ్గర జల బాష్ప పీడనం 26.7 మి.మీ. అనుకోండి. పొడి వాయువు పీడనం 713.3 మి.మీ., ఆ తర్వాతే 760తో భాగించాలి. పిల్లవాడు ముందు 740ను 0.974 అట్మాస్ఫియర్‌గా మార్చి, అందులోంచి 26.7ను తీసేసి, మైనస్ 25.7 చూసి గుర్తు చెరిపేస్తాడు. మైనస్ పీడనం వచ్చాక గుర్తు చెరిపిన ఆనవాలు నోట్సులో కనిపిస్తే, తప్పు ఇక్కడే. తీసివేత చేసేవరకూ యూనిట్ మార్చవద్దని చెబితే సరిపోతుంది. మార్చడం ఎప్పుడూ ఒకే ఒక్కసారి, చివర్లో.

గేజ్ పీడనం సంగతి పాఠంలో పెద్దగా ఉండదు గానీ టైర్ల లెక్క రాగానే ఎదురవుతుంది. టైర్ల గేజ్ చూపేది వాతావరణ పీడనం కన్నా ఎంత ఎక్కువ అన్నది. గేజ్ 32 పీఎస్ఐ చూపితే లోపలి అసలు పీడనం 32 + 14.7, అంటే 46.7. టైరు 27 నుంచి 57 డిగ్రీలకు వేడెక్కితే, ఘనపరిమాణం మారలేదనుకుంటే, 46.7 × 330/300 = 51.4. తిరిగి 14.7 తీసేస్తే గేజ్ 36.7 చూపాలి. 14.7 కలపకుండా చేస్తే 35.2 వస్తుంది. ఇది కూడా సెల్సియస్ జాతికి చెందిన తప్పే: కలపాల్సిన సంఖ్యను వదిలేయడం. కాబట్టి యూనిట్ రెండు వైపులా ఒకటే అన్నా కొట్టుకుపోదు. పైగా జవాబు నమ్మేలా ఉంటుంది కాబట్టి, గేజ్ అన్న మాట ప్రశ్నలో ఉందా లేదా అన్నదే చూడాలి.

R ఎంచుకోవడంలో జరిగేవి

R ఒకటే రాశి. మారేవి దాని యూనిట్లు, వాటితో పాటు అంకె. పిల్లలు అంకెను మాత్రం గుర్తుపెట్టుకుని యూనిట్‌ను వదిలేస్తారు, చిక్కంతా అక్కడే. వాడుకలో ఉండేవి ఇవి:

```
0.0821   L·atm / (K·mol)
0.08314  L·bar / (K·mol)
8.314    J / (K·mol)  =  Pa·m³  =  kPa·L
62.36    L·mmHg / (K·mol)
1.987    cal / (K·mol)
```

మన లెక్కలో పీడనాన్ని అట్మాస్ఫియర్‌లోకి సరిగ్గా మార్చి, R మాత్రం 8.314 వేస్తే M విలువ 4457 వస్తుంది. నిష్పత్తి 101.3. ఈ సంఖ్య కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, 0.0821కీ 8.314కీ మధ్య తారుమారు జరిగింది. 27 డిగ్రీల దగ్గర వాయువుగా ఉండే పదార్థానికి మోలార్ ద్రవ్యరాశి వేలల్లో ఉండదన్న సంగతి కూడా పిల్లవాడికి తట్టాలి.

మీకు అసలు తలనొప్పి 0.0821, 0.08314 మధ్య తారుమారుతో వస్తుంది. నిష్పత్తి 1.013 మాత్రమే. పీడనం అట్మాస్ఫియర్‌లో ఉంచి 0.08314 వేస్తే M 44.6 వస్తుంది. పీడనం బార్‌లో, అంటే 0.9866గా, తీసుకుని 0.0821 వేస్తే 43.4. మోలార్ ద్రవ్యరాశి అడిగిన లెక్కలో జవాబు ఎక్కువ వచ్చిందా, తక్కువ వచ్చిందా అన్నదాన్ని బట్టి ఏది దేనితో కలిసిందో తెలుస్తుంది. ఇక్కడ పిల్లలు చెప్పే సమర్థన 'నిజవాయువు కదా సార్, కొంచెం తేడా ఉంటుంది' అని. ఈ పరిస్థితుల్లో కార్బన్ డయాక్సైడ్ ఆదర్శ వాయువు నుంచి తప్పుకునేది నూటికి దాదాపు అర వంతు. కాబట్టి 1.3 శాతం తేడాకు ఆ సమర్థన చాలదు. అదీగాక పుస్తకంలో లెక్క ఆదర్శ వాయువనే చేస్తారు కనుక జవాబులో ఆ తేడా రావడానికే వీల్లేదు.

ఇదే 1.013 మరో రూపంలోనూ ఎదురవుతుంది. ఐయుపిఎసి 1982లో ప్రామాణిక పీడనాన్ని 1 అట్మాస్ఫియర్ నుంచి 1 బార్‌కు మార్చింది. సున్నా డిగ్రీల దగ్గర మోలార్ ఘనపరిమాణం మొదటిదాని ప్రకారం 22.4 లీటర్లు, రెండోదాని ప్రకారం 22.7. ప్రశ్న ఏ ప్రమాణం అడిగిందో చూడకుండా పాత అలవాటు కొద్దీ 22.4 వేసిన జవాబు కూడా ఇదే 1.3 శాతం తప్పుతుంది. ఆప్షన్లు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు, నిష్పత్తి 1.013 వస్తే లెక్కింపును అనుమానించకండి, బార్, అట్మాస్ఫియర్‌లలో ఏది ఎక్కడ వాడారో చూడండి.

8.314 అంటే ఘనపరిమాణం ఘనపు మీటర్లలోనే ఉండాలని చాలామందికి ఒక భయం ఉంటుంది. అక్కర్లేదు. పీడనం కిలోపాస్కల్, ఘనపరిమాణం లీటర్లు తీసుకుంటే రెండు వేయిలూ ఒకదానికొకటి సరిపోతాయి. 98.66 × 0.250ను 8.314 × 300తో భాగిస్తే నేరుగా 0.00989 వస్తుంది. కానీ పీడనం పాస్కల్‌లో, అంటే 98660గా, వేసి ఘనపరిమాణం లీటర్లలోనే ఉంచితే నిష్పత్తి 1000, M విలువ 0.044. ఈ 0.044 మీద ఒక కన్నేసి ఉంచండి. మోలార్ ద్రవ్యరాశిని కిలోగ్రాముల్లో రాస్తే కార్బన్ డయాక్సైడ్‌కు సరిగ్గా 0.044 వస్తుంది. పిల్లవాడు పుస్తకం వెనక జవాబు చూసి, పక్కన కిలోగ్రామ్ అని రాసేసి ముందుకు పోతాడు. అంకె సరైనదే, యూనిట్ కూడా సరైనదే, లెక్క మాత్రం తప్పు, ఎందుకంటే ద్రవ్యరాశి గ్రాముల్లో వేశాడు. ఇలాంటప్పుడు n అడగండి. 9.89 మోల్ అని చెబితే పావు లీటరు సీసా గుర్తుచేయండి.

రెండు తప్పులు కలిస్తే

నిష్పత్తులు గుణకారంతో కలుస్తాయి. 27 అలాగే వేసి, పీడనం అట్మాస్ఫియర్‌లో ఉంచి, R 8.314 తీసుకుంటే మొదటి తప్పు జవాబును 11.1 రెట్లు తగ్గిస్తుంది, రెండోది 101.3 రెట్లు పెంచుతుంది. M 401 దగ్గర ఆగుతుంది. నిష్పత్తి 9.1, తెలిసిన ఏ సంఖ్యా కాదు. ఇలా పోలిక దొరకనప్పుడు ఆ సంఖ్యను 11.1తో ఒకసారి గుణించి, ఒకసారి భాగించి చూడండి. 9.1 × 11.1 చేస్తే 101 వస్తుంది, రెండు తప్పులూ బయటపడతాయి. అలా కూడా పోలిక రాకపోతే అప్పుడు లెక్క మొదటి నుంచి చూడక తప్పదు. ఎక్కువ సందర్భాల్లో అది సూత్రం తిప్పి రాయడంలో జరిగిన తప్పు అయి ఉంటుంది.

వర్గమూలం ఉన్న చోట

ఆర్‌ఎమ్‌ఎస్ వేగం లెక్కల్లో పై సంఖ్యలు నేరుగా పనికిరావు, వాటి వర్గమూలాలు తీసుకోవాలి. 27 డిగ్రీల దగ్గర ఆక్సిజన్‌కు:

```
u = √(3RT/M) = √(3 × 8.314 × 300/0.032) = 484 m/s
```

ఇక్కడ R జౌల్‌లలోనే ఉండాలి, M కిలోగ్రాముల్లోనే ఉండాలి, ఎందుకంటే జౌల్ అంటే కిలోగ్రామ్, మీటరు, సెకండ్లతో కట్టిన యూనిట్. M ను 32గా వేస్తే 15.3 వస్తుంది, నిష్పత్తి 31.6, అంటే 1000కి వర్గమూలం. T స్థానంలో 27 వేస్తే 145, నిష్పత్తి 3.33. R స్థానంలో 0.0821 వేస్తే 48.1 వస్తుంది. ఈ చివరిదాన్ని చూసి చాలామంది మోసపోతారు. 101.3కు వర్గమూలం 10.06 కాబట్టి, 484 బదులు 48 కనిపిస్తే దశాంశ బిందువు జరిగిందనుకుని సగం మార్కులు వేసేస్తారు. అది దశాంశం తప్పు కాదు, స్థిరాంకం తప్పు. తేల్చుకోవాలంటే మూడో అంకె చూడండి. దశాంశమే జరిగి ఉంటే 48.4 రావాలి, 48.1 వచ్చిందంటే R వరుసలో 0.0821 ఉంటుంది.

సరైన జవాబు దగ్గర లేనప్పుడు ఇక్కడ ధ్వని వేగం అక్కరకొస్తుంది. 27 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు సుమారు 347 మీటర్లు పోతుంది. ధ్వనిని మోసేది అణువుల కదలికే కనుక అణువుల ఆర్‌ఎమ్‌ఎస్ వేగం దానికన్నా ఎక్కువ ఉండాలి. ఆక్సిజన్, నైట్రోజన్ రెండూ గాలిలోవే, వాటికి 15, 48, 145 లాంటి జవాబులు వస్తే ధ్వని వేగాన్ని అందుకోలేవు కాబట్టి అవి తప్పని అక్కడికక్కడే చెప్పవచ్చు. ఆ తర్వాత నిష్పత్తి తీసి ఏ వరుసో చూసుకోండి.